జూన్ 10 రిలీజ్ ఎందుకు కష్టమో చెప్పిన మెయిల్: ఒక క్యూఏ లీడ్ కేస్ స్టడీ

మే 28, మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు మేనేజ్‌మెంట్‌కు స్టేటస్ మెయిల్ పంపాను. పది నిమిషాల్లో డెలివరీ మేనేజర్ గారి జవాబు వచ్చింది: "91 శాతం పాస్ అంటే బాగానే ఉంది. అనుకున్నట్టే 10న గో-లైవ్‌కు వెళ్దాం." నేను ఆ మెయిల్ రాసింది 10వ తేదీ కష్టమని చెప్పడానికి. ఆయన అందులో 10వ తేదీ ఖాయమని చదివారు. తప్పు ఆయనది కాదు. నేను రాసిన మెయిల్‌ను ఎవరు చదివినా అలాగే అర్థమవుతుంది.

ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. ప్రైవేటు కళాశాలల ఫీజులు వసూలు చేసే యాప్ అది. తల్లిదండ్రులు ఫోనులో ఫీజు బకాయి చూసుకుని, యూపీఐతో గానీ కార్డుతో గానీ కట్టి, రసీదు తీసుకుంటారు. అప్పటికే పాత వెబ్ పోర్టల్ ఒకటి నడుస్తోంది. దాని స్థానంలో కొత్త యాప్ జూన్ 10, సోమవారం రావాలి. కళాశాలలు తెరిచే రోజులు కాబట్టి ఫీజుల రద్దీ అంతా ఆ వారమే. మా క్యూఏ టీమ్‌లో నేను కాకుండా ఐదుగురు టెస్టర్లు. విడుదలకు ముందు యాప్‌ను పరీక్షించడం మా పని.

మొదటి మెయిల్‌లో ఉన్నది ఇది: మొత్తం 612 టెస్ట్ కేసులు, 560 పాస్, 52 ఫెయిల్. తీవ్రతను బట్టి బగ్‌ల పట్టిక, మాడ్యూళ్లవారీగా రంగు గడులు. చివర్లో ఒక వాక్యం: "పేమెంట్ మాడ్యూల్‌లో ఒక క్రిటికల్ బగ్ ఉన్నందున రిలీజ్ తేదీపై ప్రభావం ఉండవచ్చు." చెప్పాల్సిన అసలు మాట పట్టిక కింద, "ఉండవచ్చు" అనే మెత్తటి క్రియలో దాగిపోయింది. 52 ఫెయిళ్లలో ముప్పైకి పైగా అక్షరాలు పక్కకు జరగడం, తేదీ వరుస మారడం లాంటివి. వాటినీ, తల్లిదండ్రుల డబ్బు రెండుసార్లు పోయే బగ్‌నూ ఒకే శాతంలో కలిపి చూపించాను. శాతానికి అన్ని ఫెయిళ్లూ సమానమే.

ఆ బగ్ ఇలా బయటపడింది. బ్యాంకుకూ మా యాప్‌కూ మధ్య చెల్లింపులు నడిపే గేట్‌వే కంపెనీ ఇచ్చే టెస్ట్ వాతావరణంలో చెల్లింపు నొక్కగానే రెండు సెకన్లలో "సక్సెస్" అని జవాబు వస్తుంది. అసలు ప్రపంచంలో అలా ఉండదు. తండ్రి యూపీఐ యాప్‌లో పిన్ కొడతారు, బ్యాంకులో డబ్బు తగ్గుతుంది, ఆ కబురు గేట్‌వే ద్వారా మా సర్వర్‌కు చేరడానికి ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. ఆ కబురునే కాల్‌బ్యాక్ అంటాం. మా టీమ్‌లోని ఒక టెస్టర్ గేట్‌వేకు బదులుగా జవాబులిచ్చే చిన్న ప్రోగ్రామ్ రాసి, కాల్‌బ్యాక్‌ను కావాలని నాలుగు నిమిషాలు ఆపి చూసింది. మంగళవారం మధ్యాహ్నం ఆమె స్క్రీన్ మీద ఒకే విద్యార్థికి, ఒకే వాయిదాకు రెండు చెల్లింపులు కనిపించాయి. రెండూ గేట్‌వే వైపు సక్సెస్. మా వైపు ఒక్క రసీదు.

కారణం వెతకడానికి గంట కూడా పట్టలేదు. మా సర్వర్ 90 సెకన్లు చూసి, కాల్‌బ్యాక్ రాకపోతే ఆ ఆర్డర్‌ను `FAILED` అని రాస్తుంది. యాప్‌లో "చెల్లింపు విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని వస్తుంది. తల్లిదండ్రులు మళ్లీ కడతారు. ఈసారి కొత్త ఆర్డర్ నంబరు, అది సక్సెస్. రెండు నిమిషాల తర్వాత మొదటి ఆర్డర్ తాలూకు సక్సెస్ కబురు వస్తుంది. అప్పుడు సర్వర్ చేసే పని ఇది:

```text
order.status = FAILED, callback = SUCCESS  ->  ignore, return HTTP 200
```

ఒకసారి ముగిసిన ఆర్డర్ స్థితిని తర్వాత వచ్చే కబుర్లు మార్చకూడదని డెవలపర్లు ఆ రక్షణ పెట్టారు. ఒకే కాల్‌బ్యాక్ రెండుసార్లు వచ్చే సందర్భంలో అది సరైన రక్షణే. కానీ ఇక్కడ అది నిజమైన డబ్బు కబురును పారేస్తోంది. పైగా `200` అని బదులివ్వడంతో గేట్‌వే తన కబురు చేరిందనుకుని మళ్లీ పంపడం ఆపేస్తుంది. ఆ మొదటి చెల్లింపు గురించి మా దగ్గర ఏ జాడా మిగలదు. కాల్‌బ్యాక్ 90 సెకన్లు దాటేలా ఆపి, మళ్లీ కట్టి, ఇరవైసార్లు చూశాం. ఇరవైసార్లూ అదే జరిగింది. అప్పుడప్పుడు వచ్చే బగ్ కాదిది. షరతు కుదిరితే ప్రతిసారీ వస్తుంది.

మొదటి మెయిల్‌కు వచ్చిన జవాబు చూశాక మేనేజర్ గారికి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "రెండోసారి పోయిన డబ్బు బ్యాంకే వెనక్కి వేస్తుంది కదా?" చాలామందికి ఉండే నమ్మకమే ఇది, దానికి ఆధారమూ ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో వ్యాపారికి కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. కానీ అది విఫలమైన లావాదేవీలకు. మా కేసులో రెండు లావాదేవీలూ బ్యాంకు దృష్టిలో విజయవంతమే. ధ్రువీకరణ కూడా మా సర్వర్‌కు చేరింది, మేమే దాన్ని పక్కన పడేశాం. డబ్బు కళాశాల ఖాతాలోకి వెళ్లిపోతుంది. బ్యాంకు వెనక్కి వేయడానికి ఏమీ ఉండదు. రీఫండ్ మేమే గుర్తించి, మేమే ఇవ్వాలి. గుర్తించడానికి మా దగ్గర జాడ లేదని ఇప్పుడే చెప్పాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఇది మెయిల్‌లో ఎక్కడ రాశారు?" ఎక్కడా రాయలేదు.

ఆ రాత్రి రెండో మెయిల్‌కు కూర్చున్నాను. మొదట నాకు కావలసింది ఒక అంకె. కాల్‌బ్యాక్ ఆలస్యం నిజంగా ఎంతమందికి జరుగుతుంది? ఇది చెప్పకపోతే డైరెక్టర్ గారు దీన్ని టెస్టర్ల ఊహాజనితమైన భయం అనుకునే ప్రమాదం ఉంది. పాత పోర్టల్ కూడా అదే గేట్‌వే వాడుతోంది, దాని లాగ్‌లు మా దగ్గరే ఉన్నాయి. కిందటి ఏడాది అడ్మిషన్ల వారంలో విజయవంతమైన చెల్లింపులను మాత్రమే విడిగా తీసుకుని, వాటి మీద ఒక చిన్న ప్రశ్న వేశాను:

```sql
SELECT COUNT(*) FROM payments
WHERE callback_at - created_at > INTERVAL '90 seconds';
```

ఆ వారం విజయవంతమైన చెల్లింపులు 11,400. అందులో 137 కాల్‌బ్యాక్‌లు 90 సెకన్లు దాటి వచ్చాయి. నూటికి 1.2 అన్నమాట. కొత్త యాప్ మొదటి రోజు 3,000 చెల్లింపులు వస్తాయని సేల్స్ వాళ్ల అంచనా. అంటే మొదటి రోజు సుమారు 36 కుటుంబాలకు "విఫలమైంది" అని తప్పుడు కబురు వెళ్తుంది. అందరూ మళ్లీ కట్టరు. కానీ సగటు వాయిదా 38,000 రూపాయలు. అందరూ కడితే ఒక్క రోజులో 13 లక్షలకు పైగా. ఇది గరిష్ఠ లెక్క అని మెయిల్‌లో స్పష్టంగా రాయాలనుకున్నాను. తర్వాత ఎవరైనా "మీరు చెప్పినంత జరగలేదు" అంటే మిగతా మెయిల్ మీద కూడా నమ్మకం పోతుంది.

తేదీల లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాల్సి వచ్చింది. డెవలప్‌మెంట్ లీడ్‌తో కూర్చున్నాను. సరిచేయడానికి బుధ, గురు, శుక్రవారాలు మూడు రోజులు కావాలన్నారు. ఆర్డర్‌కు `PENDING` అనే కొత్త స్థితి, అది ఉన్నంతసేపు అదే వాయిదాకు రెండో చెల్లింపు ఆపడం, గేట్‌వేను మేమే అడిగి అసలు స్థితి తెలుసుకోవడం, ఆలస్యంగా వచ్చిన సక్సెస్‌ను అంగీకరించడం. ఈ మార్పులతో తయారైన యాప్, అంటే బిల్డ్, జూన్ 3 సోమవారం ఉదయం మాకు అందుతుంది. దాన్ని పరీక్షించడానికి నాలుగు రోజులు, 6వ తేదీ దాకా.

ఇక్కడే ఎప్పుడూ వచ్చే ప్రశ్న వస్తుందని తెలుసు: "ఇంకో ముగ్గురు టెస్టర్లను ఇస్తే రెండు రోజుల్లో అవుతుందా?" అవదు. కారణం పని ఎక్కువ ఉండటం కాదు, వేచి ఉండాల్సి రావడం. చెల్లింపుల్లో మిగిలిపోయిన తేడాలను రాత్రి ఒంటిగంటకు నడిచే ఒక ప్రోగ్రామ్ సరిచూస్తుంది. గేట్‌వే నుంచి ఆనాటి లెక్కల ఫైల్ రోజుకు ఒక్కసారే వస్తుంది. అర్ధరాత్రి దాటి వచ్చిన కబురు, మరుసటి రోజు వచ్చిన కబురు, అసలు రాని కబురు, ఈ మూడింటికీ కలిపి కనీసం మూడు రాత్రులు గడవాలి. పదిమంది టెస్టర్లున్నా రాత్రులు మూడే. ఈ వివరం మెయిల్‌లో తప్పక ఉండాలని అప్పుడే అనుకున్నాను. ఎందుకంటే క్యూఏ అడిగే రోజులు బేరమాడి తగ్గించగలిగేవిగా కనిపిస్తాయి. ఎందుకు తగ్గవో కారణం పక్కనే ఉంటే బేరం అక్కడితో ఆగుతుంది.

ఆ నాలుగు రోజుల తర్వాత రసీదులు, రీఫండ్లు, కళాశాల ఖాతా పుస్తకం, అంటే చెల్లింపుతో ముడిపడిన వాటన్నింటినీ మళ్లీ చూడాలి. అది 7, 10, 11 తేదీలు. అన్నీ ఒక్క దెబ్బకు పాసైతే 12 సాయంత్రం సిద్ధం. కానీ ఈ ప్రాజెక్టులో పెద్ద మార్పు వచ్చిన ప్రతిసారీ కనీసం ఇంకో బిల్డ్ అవసరమైంది, దానికి రెండు రోజులు పట్టింది. అందుకని నేను సంతకం పెట్టగల తేదీ 17, సోమవారం. ఈ రెండు తేదీలనూ మెయిల్‌లో పెట్టాను. 12 మాత్రమే రాస్తే అదే మాటగా నిలిచిపోతుంది. 17 మాత్రమే రాస్తే ఎక్కువ అడుగుతున్నానన్న అనుమానం వస్తుంది.

రాత్రి 9:40కి వెళ్లిన మెయిల్ ఇది. అసలు ఇంగ్లీషులో రాశాను, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> సబ్జెక్ట్: జూన్ 10 రిలీజ్‌కు ముప్పు. చెల్లింపు రెండుసార్లు పడే బగ్. రేపు సాయంత్రం 4 లోపు మీ నిర్ణయం కావాలి
>
> సర్, ఈ సాయంత్రం పంపిన స్టేటస్ మెయిల్‌కు బదులుగా దీన్ని చూడగోరుతున్నాను. అందులో ముఖ్యమైన విషయం స్పష్టంగా రాయలేదు.
>
> ఇప్పుడున్న స్థితిలో ఆన్‌లైన్ చెల్లింపును 10న విడుదల చేయడానికి క్యూఏ అంగీకరించదు. బ్యాంకు కబురు 90 సెకన్లు దాటి వస్తే మన యాప్ చెల్లింపు విఫలమైందని చెప్పి మళ్లీ కట్టమంటోంది. తల్లిదండ్రుల ఖాతా నుంచి రెండుసార్లు డబ్బు పోతుంది, రసీదు ఒకటే వస్తుంది. అదనంగా పోయిన మొత్తం బ్యాంకు నుంచి దానంతటదే తిరిగి రాదు. మన సిస్టమ్‌లో దాని జాడ ఉండదు.
>
> కిందటేటి అడ్మిషన్ల వారంలో 11,400 చెల్లింపుల్లో 137కు ఇలాంటి ఆలస్యం జరిగింది. ఆ లెక్కన మొదటి రోజు సుమారు 36 కుటుంబాలు దీని బారిన పడవచ్చు. అందరూ మళ్లీ కడితే 13 లక్షల రూపాయలకు పైగా ఉంటుంది. ఇది గరిష్ఠ అంచనా.
>
> సరిచేసే పని ఏ దారిలోనైనా తప్పదు కాబట్టి రేపు ఉదయమే మొదలవుతుంది. బిల్డ్ జూన్ 3న వస్తుంది. పరీక్ష 11న ముగుస్తుంది. ఏ కొత్త బగ్గూ రాకపోతే 12 సాయంత్రం సిద్ధం. ఇంకో బిల్డ్ అవసరమైతే 17. నా అంచనా 17. మనుషులను పెంచినా ఇది తగ్గదు, ఎందుకంటే రాత్రి లెక్కల సరిపోలికను వరుసగా మూడు రాత్రులు చూడాలి.
>
> మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, 10న అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా విడుదల చేయడం. నేను దీన్ని సిఫారసు చేయను. రెండోది, 10న ఆన్‌లైన్ చెల్లింపు తప్ప మిగతా యాప్ విడుదల చేసి, చెల్లింపు బటన్‌ను పాత పోర్టల్‌కు కలపడం, 17న కొత్త చెల్లింపు తెరవడం. నేను సిఫారసు చేసేది ఇది. దీనికి బటన్ మార్పు పరీక్షతో కలిపి రేపటి నుంచి ముగ్గురు టెస్టర్లకు ఆరు పనిదినాలు చాలు, జూన్ 5కు అయిపోతుంది. మిగతా ఇద్దరు చెల్లింపు మీదే ఉంటారు. మూడోది, మొత్తం రిలీజ్‌ను 17కు మార్చడం.
>
> రెండో దారి ఎంచుకుంటే బటన్ పని గురువారం ఉదయం మొదలవ్వాలి. అందుకే రేపు సాయంత్రం 4 లోపు నిర్ణయం అడుగుతున్నాను. టెస్ట్ కేసుల పట్టిక, లాగ్ లెక్క జత చేశాను.

మెయిల్‌లో శాతం ఎక్కడా లేదు. 612, 560 అనే అంకెలు జతచేసిన ఫైల్‌లోకి వెళ్లాయి. "క్రిటికల్", "సివియారిటీ 1" అనే మాటలు కూడా తీసేశాను. క్రిటికల్ అనే మాట మేనేజ్‌మెంట్ వారానికి పదిసార్లు చదువుతుంది. "తల్లిదండ్రుల ఖాతా నుంచి రెండుసార్లు డబ్బు పోతుంది" అనేది మాత్రం ఒక్కసారి చదివితే చాలు. ఇంకొకటి, డెవలపర్లు ఆ `200` ఎందుకు పెట్టారో మెయిల్‌లో రాయలేదు. అది మేనేజ్‌మెంట్ నిర్ణయానికి అవసరం లేదు. రాస్తే మర్నాటి సమావేశం ఎవరి తప్పు అన్నదాని చుట్టూ తిరిగేది. మెయిల్ పంపే ముందు డెవలప్‌మెంట్ లీడ్‌కు చూపించాను. ఆయన మూడు రోజుల అంచనాను తన మాటగా ఒప్పుకున్నాకే పంపాను.

బుధవారం ఉదయం సమావేశంలో డైరెక్టర్ గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ 36 అనే అంకెను నమ్మవచ్చా?" లాగ్ తెరిచి 137 వరుసలూ చూపించాను. ఒక వరుసలో కాల్‌బ్యాక్ పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆయన దాని మీద వేలు పెట్టి, "పదకొండు నిమిషాలు ఎవరు ఆగుతారు? నేనైనా మళ్లీ కడతాను" అన్నారు. నిజానికి నిర్ణయం అక్కడే జరిగిపోయింది. సేల్స్ హెడ్ గారికి మాత్రం ఇబ్బందైంది. ఒక పెద్ద కళాశాలకు 10న చెల్లింపుతో సహా ఇస్తామని మాటిచ్చారు. రెండో దారిలో వాళ్లకు పాత పోర్టల్ ఎలాగూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, వారం రోజులు అదే వాడమని తానే చెబుతానని ఒప్పుకున్నారు. 4 గంటల దాకా ఆగాల్సిన పని లేకుండా మధ్యాహ్నానికే రెండో దారి ఖాయమైంది.

జూన్ 10న చెల్లింపు లేని యాప్ వెళ్లింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

చెల్లింపు పరీక్షలో మాత్రం 5వ తేదీన ఇంకో బగ్ దొరికింది. యాప్‌లో `PENDING` చూసిన తండ్రి ఆగలేక కళాశాల కౌంటర్‌కు వెళ్లి నగదు కట్టేస్తారు. ఆ తర్వాత యూపీఐ సక్సెస్ కబురు వస్తుంది. అప్పుడు ఒకే వాయిదాకు రెండు రసీదులు తయారవుతున్నాయి. ఈ సందర్భం మా ప్రణాళికలో లేదు. కౌంటర్లో పనిచేసే గుమాస్తా ఒకాయనతో మా టెస్టర్ మాట్లాడుతుంటే తెలిసింది. సరిచేసి కొత్త బిల్డ్ ఇచ్చి, మళ్లీ చూడటానికి రెండు రోజులు పట్టింది. 12 అని మాటిచ్చి ఉంటే ఇక్కడ రెండోసారి తేదీ మార్చమని మెయిల్ రాయాల్సి వచ్చేది. 12, 13, 14 తేదీలు చేతిలో ఉన్నాయి కాబట్టి అందులో రెండు ఖర్చయ్యాయి, 17న చెల్లింపు తెరిచాం.

మొదటి వారంలో 41 కాల్‌బ్యాక్‌లు 90 సెకన్లు దాటి వచ్చాయి. అన్నీ `PENDING`లో ఆగి, తర్వాత సక్సెస్‌గా మారాయి. రెండుసార్లు పడిన చెల్లింపు ఒక్కటీ లేదు. నా 36 మొదటి రోజు అంచనా, ఇది వారం మొత్తం అంకె. అంటే రద్దీ సేల్స్ చెప్పినంత రాలేదు. ఆ 3,000 అనే అంకెను నేను ఇంకొకసారి సరిచూసుకోవాల్సింది.

నా వైపు జరిగిన మరో పొరపాటు ఇంతకన్నా పెద్దది. మే 28కి ముందు మూడు వారాలు పేమెంట్ మాడ్యూల్‌ను స్టేటస్‌లో పచ్చ రంగులోనే చూపించాను. టెస్ట్ వాతావరణంలో అన్నీ పాసయ్యాయి కాబట్టి. ఆలస్యమైన కాల్‌బ్యాక్ మేము అసలు పరీక్షించనే లేదన్న సంగతి ఆ మెయిళ్లలో ఎక్కడా లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు "అది ఎప్పుడు చూస్తారు?" అని అడిగేవారు, బగ్ రెండు వారాల ముందే బయటపడేది. అప్పటి నుంచి మా స్టేటస్ మెయిల్‌లో ఫెయిళ్ల కన్నా పైన "ఇంకా పరీక్షించనివి" అనే పేరా ఉంటుంది. ఆ వారం అందులో రాసింది: గేట్‌వే పూర్తిగా ఆగిపోయినప్పుడు యాప్ ఏం చేస్తుంది, పాత ఫోన్లలో యూపీఐ యాప్ నుంచి వెనక్కి వచ్చినప్పుడు స్క్రీన్ ఏం చూపిస్తుంది.

17 తర్వాత మూడో రోజు ఇద్దరు తల్లులు సపోర్ట్‌కు ఫోన్ చేశారు. డబ్బు పోయింది, యాప్‌లో "పెండింగ్" అని ఉంది, ఏం చేయాలో తెలియక భయపడ్డారు. లోపం ఏమీ లేదు, ఇరవై నిమిషాల్లో రెండూ సక్సెస్ అయ్యాయి. కానీ "పెండింగ్" అనే ఒక్క మాట వాళ్లకు ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రమే దాన్ని మార్చాం: "మీ బ్యాంకు నుంచి కబురు రావాల్సి ఉంది. దయచేసి మళ్లీ కట్టకండి. కబురు రాగానే రసీదు మీ ఫోనుకు పంపుతాం."